నాలుగావుల కొట్టం – మూడో పాఠం: కాలువ, వాటం, కప్పు

పోయిన రెండు పాఠాల్లో స్థలం చూసుకున్నాం, కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉండాలని తేల్చుకున్నాం. ఇక సున్నం గీతలు గీసి మేస్త్రిని పిలవడమే మిగిలిందని మీరు అనుకుంటూ ఉంటారు. ఇంకా పిలవద్దు. మేస్త్రి రాగానే అడిగే మొదటి మాట, "అన్నా, బేస్‌మెంట్ ఎంత ఎత్తు లేపాల?" అని. దానికి మన దగ్గర లెక్కగట్టిన జవాబు ఉండాలి. ఉండకపోతే ఆయనే "అడుగు పెడదాం లే, గొడ్లకు చాలు" అంటాడు. ఆ అడుగుతోనే చాలా కొట్టాలు చెడిపోతాయి.

మన ఉదాహరణ మారలేదు. చంద్రగిరి నుంచి పాకాల వెళ్ళే దారిలో ఒక ఎర్రనేల చేను, నాలుగు జెర్సీ సంకరం ఆవులు, రెండు దూడలు. నేల తూర్పుకు కాస్త వాలి ఉంది. మీ నేల పడమటికి వాలి ఉంటే నేల, కాలువ కొలతల్లో నేను తూర్పు అన్న చోటల్లా పడమర అని, పడమర అన్న చోట తూర్పు అని చదువుకోండి, పడమటెండకు కట్టే గోడ, పరదా మాత్రం పడమటే ఉండాలి. ఉత్తరం, దక్షిణం మాత్రం మార్చకండి, ఎందుకో కప్పు దగ్గరికి వచ్చాక తెలుస్తుంది.

ముందు అడ్డకొలత చూద్దాం. ఉత్తరం వైపు నుంచి మొదలుపెడితే మేత తొట్టి గోడలతో కలిపి రెండున్నర అడుగులు, ఆవు నిలబడే చోటు ఐదున్నర, కాలువ ఒక అడుగు, దాని వెనక మనం నడిచి పేడ ఎత్తే దారి మూడున్నర. మొత్తం పన్నెండున్నర అడుగులు. పొడవులో ఆవుకు నాలుగడుగుల చొప్పున పదహారు, పడమటి చివర దూడలకు ఆరు, వెరసి ఇరవై రెండు. మేత వేసే మనిషి కొట్టం లోపలికి రాడు, ఉత్తరం వైపు చూరు కింద నిలబడి బయటి నుంచే తొట్లో వేస్తాడు. లోపల మేతదారి తీసేయడం వల్ల మూడడుగుల వెడల్పు కప్పు, నేల మిగిలిపోతాయి. ఈ మొత్తం కొట్టంలో ఖర్చు తగ్గించిన చోట్లలో పెద్దది ఇదే.

ఐదున్నర అడుగులన్నది మీ ఆవును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఆవును తొట్టికి కట్టి, తల లోపల పెట్టి తినేటప్పుడు వెనక గిట్టలు ఎక్కడ పడుతున్నాయో చూడండి. ఆ గిట్టల వెనక రెండు మూడంగుళాల్లో కాలువ అంచు రావాలి. చోటు పొడవైతే పేడ కాలువలో పడకుండా ఆవు పడుకునే చోటే పడుతుంది, పొద్దునకు పొదుగంతా పేడే. పొట్టిదైతే ఆవు వెనక కాళ్ళు రాత్రంతా కాలువలో పెట్టి నిలబడుతుంది, గిట్టలు నాని మెత్తబడతాయి. చిన్న జెర్సీకి ఐదడుగులు సరిపోవచ్చు, భారీ హెచ్‌ఎఫ్ సంకరానికి ఐదున్నర కూడా ఇరుకే.

గుంత దగ్గర నుంచి వెనక్కి లెక్క

ఇప్పుడు బేస్‌మెంట్ ఎత్తు సంగతి. దీన్ని కొట్టం దగ్గర నిలబడి తేల్చకూడదు. మూత్రం, కడిగిన నీళ్ళు చివరికి ఎక్కడ చేరతాయో అక్కడ నిలబడి వెనక్కి లెక్క కట్టుకుంటూ రావాలి.

మన ఆవు రోజుకు సుమారు పదిహేను లీటర్ల మూత్రం పోస్తుంది. దానికి కొట్టం కడిగే నీళ్ళు ఆవుకు ఇరవై ఐదు లీటర్లని వేసుకుంటే నాలుగావులకు రోజుకు నూట అరవై లీటర్లు. ఇవి కొట్టం తూర్పు చివర నుంచి ఇరవై ఐదు అడుగుల అవతల, ఆగ్నేయం మూలన ఒక చిన్న మడ్డి తొట్టిలో పడాలి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉంటే చాలు. అందులో పేడ మడ్డి అడుక్కు దిగిపోతుంది, పైన తేరిన నీళ్ళు పొంగి గడ్డి మడికి పోతాయి. తొట్టిని వారానికొకసారైనా తోడి దిబ్బ మీద పోయాలి.

కొట్టంలో తొట్టి మొదట్లో, అంటే ఆవు ముందు గిట్టలు ఉండే చోట నేలమట్టాన్ని సున్నా అనుకుందాం. అక్కడి నుంచి కాలువ అంచుకు వచ్చేసరికి నేల అంగుళంన్నర దిగాలి. ఐదున్నర అడుగుల్లో అంగుళంన్నర అంటే నలభై నాలుగుకు ఒకటి వాటం. నలభైకి ఒకటి నుంచి అరవైకి ఒకటి మధ్యలో ఎక్కడున్నా మంచిదే. కాలువ పడమటి చివర ఆ అంచు కంటే రెండంగుళాలు లోతు, అంటే సున్నాకు మూడున్నర అంగుళాలు కింద. అక్కడి నుంచి పదహారు అడుగులు తూర్పుకు వచ్చేసరికి ఇంకో మూడంగుళాలు దిగాలి. అప్పుడు కాలువ అడుగు సున్నాకు ఆరున్నర అంగుళాలు కింద ఉంటుంది. కొట్టం దాటాక ఇరవై ఐదు అడుగుల బయటి కాలువకు ఐదడుగులకు అంగుళం చొప్పున వాటం ఇస్తే ఐదంగుళాలు. మొత్తం పదకొండున్నర అంగుళాలు.

అంటే మడ్డి తొట్టిలో నీళ్ళు పడే మూతి కొట్టం నేలకు దాదాపు అడుగు కింద ఉంటుంది. బేస్‌మెంట్ ఒక అడుగే లేపితే ఆ మూతి చేని మట్టానికి వచ్చేస్తుంది, ఆరంగుళాలే లేపితే మట్టం కంటే కిందికి పోతుంది. మామూలు రోజుల్లో ఏమీ తెలియదు, బాగానే పారుతుంది. మన వైపు గట్టి వానలు పడేది కార్తీకంలో, ఈశాన్య ఋతుపవనాలప్పుడు. 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల చెరువులు పొంగినప్పుడు చేలల్లో నీళ్ళు ఎంత నిలిచాయో మనకు తెలిసిందే. అలాంటప్పుడు చేలోని నీళ్ళు మడ్డి తొట్టిని ముంచి, కాలువ వెంటే వెనక్కి ఎక్కి ఆవుల కాళ్ళ కిందికి వస్తాయి. అందుకే పద్దెనిమిది అంగుళాలు. అప్పుడు మూతి చేని మట్టానికి ఆరున్నర అంగుళాలు పైనే ఉంటుంది, మడ్డి తొట్టి గోడను కూడా అంత ఎత్తున లేపుకోవచ్చు.

మేస్త్రికి చెప్పాల్సిన జవాబు ఇదే: మేత తొట్టి దగ్గర కొట్టం నేల చేని మట్టానికి అడుగున్నర పైకి. నేల వాలుగా ఉంది కాబట్టి ఈ కొలత తూర్పు వైపు, పల్లపు మూలలో తీసుకోవాలి. మెరక మూలలో తీసుకుంటే తూర్పున మట్టి ఎక్కువ పోయాల్సి వచ్చి అనవసర ఖర్చు.

లెక్క ఇంత ఖచ్చితంగా ఉన్నా మట్టం తీయడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. పది మీటర్ల సన్నటి పారదర్శక పైపులో నీళ్ళు నింపి, గాలి బుడగ లేకుండా చూసుకుని, రెండు కొసలూ రెండు గూటాల దగ్గర పట్టుకుంటే రెండు వైపులా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. అక్కడ గుర్తు పెట్టుకుని, కావలసినన్ని అంగుళాలు కిందికి కొలిచి దారం కట్టాలి. రసమట్టం పెట్టి వాటం చూసే మేస్త్రులుంటారు, బుడగ కాస్త జరిగితే "వాటం వచ్చేసిందన్నా" అంటారు. బుడగ జరిగిందంటే వాలు ఉందని తెలుస్తుంది కానీ ఎన్ని అంగుళాలో తెలియదు. మనకు కావలసింది అంగుళాలే. కాబట్టి దారాలు మీరే కట్టించండి, కాంక్రీటు పడేదాకా విప్పనివ్వకండి.

నేల

వాటం తక్కువైతే తడి నిలుస్తుందని అందరికీ తెలుసు. ఎక్కువైతే ఏమవుతుందో చాలామంది పట్టించుకోరు. "నీళ్ళు జర్రున పోవాలి" అని ఐదడుగుల్లో మూడు నాలుగంగుళాలు దింపేసిన కొట్టాలు మన మండలాల్లో బోలెడు. అలాంటి నేల మీద ఆవు ఎప్పుడూ వెనక్కి జారుతున్నట్టే నిలబడాలి, బరువంతా వెనక కాళ్ళ మీదే పడుతుంది. నిండు చూలు ఆవు పడుకున్నప్పుడు కడుపులోని బరువు వెనక్కి నొక్కి యోని బయటికి వచ్చే ముప్పు పెరుగుతుంది. చూలు ఆవు పడుకున్నప్పుడు వెనక ఎర్రగా ఉబ్బి కనబడి, లేచి నిలబడితే లోపలికి పోతోందంటే డాక్టరుకు చూపించండి. దాంతోపాటు నేల వాటం కూడా కొలవండి. అది సరిచేసేదాకా ఆవు వెనక వైపు మట్టి గానీ గడ్డి గానీ వేసి ఎత్తు చేస్తే కొంత ఉపశమనం.

వెనకనున్న మూడున్నర అడుగుల దారిని కాలువ వైపుకే అంగుళం వాల్చాలి. అప్పుడు రెండు వైపుల నీళ్ళూ మధ్యనున్న కాలువలోకే దిగుతాయి, బయటికి కారి కూసాల మొదళ్ళు తడపవు.

అడుగున మట్టి పోసి, నీళ్ళు చల్లి, ఆరంగుళాల మందానికొకసారి దిమ్మిస తోయించాలి. మట్టినంతా ఒకేసారి పోసి పైన దిమ్మిస చేస్తే లోపల గుల్లగానే ఉంటుంది, మొదటి వానాకాలానికే నేల కుంగి మీ అంగుళంన్నర వాటం ఎటో పోతుంది. మట్టి మీద నాలుగంగుళాల మందం గట్టి గ్రావెల్ పరిచి, దాని మీద మూడంగుళాల కాంక్రీటు. వాటమంతా మట్టి దగ్గరే తెచ్చుకోవాలి, కాంక్రీటు మందం మార్చి తేవాలని చూస్తే ఒకచోట పలచనై పగులుతుంది, ఇంకోచోట సిమెంటు దండుగ.

ఎంత పడుతుందో చూద్దాం. నిలబడే చోటు, కాలువ, వెనక దారి కలిపి పదడుగుల వెడల్పు, ఆవుల పొడవు పదహారు. నూట అరవై చదరపు అడుగులను మూడంగుళాల మందంతో వేస్తే నలభై ఘనపుటడుగుల కాంక్రీటు. ఒకటికి రెండు ఇసుక, నాలుగు జల్లి లెక్కన ఏడు బస్తాల సిమెంటు, పద్దెనిమిది ఘనపుటడుగుల ఇసుక, ముప్పై ఐదు ఘనపుటడుగుల ఇరవై ఎం.ఎం. జల్లి. వృథాకు ఒక బస్తా అదనం పెట్టుకోండి. దూడల చోట కాంక్రీటు వద్దు, గ్రావెల్ మీద ఇసుక చాలు, ఆర్నెల్లకోసారి మార్చేయవచ్చు.

డబ్బు తక్కువైతే ముందు కాలువ, ఆవు వెనక సగం, వెనక దారి కాంక్రీటు చేసి ముందు సగాన్ని దిమ్మిస వేసిన గ్రావెల్‌గా వదిలేయవచ్చు. తడి అంతా వెనకే కాబట్టి ఇది పనికొచ్చే పద్ధతి. కాకపోతే ఆవు ముందు కాళ్ళతో తవ్వుతుంది, ఏటా గుంటలు పూడ్చుకోవాలి.

బండలు పరుద్దామని కొందరు అడుగుతున్నారు. కడప బండ చౌకగానే వస్తుంది, పొడిగా ఉన్నప్పుడు చూడముచ్చటగానూ ఉంటుంది. తడిసి, మీద పేడ పలచగా పూసుకుంటే మాత్రం ఆవు లేవబోయి కాళ్ళు చాపేస్తుంది. నునుపు చేసిన గ్రానైటు ముక్కలూ అంతే. నేనైతే వద్దంటాను. ఇప్పటికే కొనేసి ఉంటే వెనక దారికి వాడుకోండి, ఆవు నిలబడే చోట వద్దు.

కాంక్రీటు పైన నున్నటి పూత పూయించకూడదు. మేస్త్రికి చేయి ఊరుకోదు, తాపీతో రుద్దుతూనే ఉంటాడు. కాంక్రీటు కాస్త బిగుసుకుంటూ వేలితో నొక్కితే గుర్తు పడే దశలో గట్టి కొబ్బరి చీపురుతో గరుకు గీయించి, ఆ పైన అరంగుళం వెడల్పు పైపునో బద్దనో అదిమి, నాలుగంగుళాలకొకటి చొప్పున ఏటవాలు గీతలు రెండు వైపులా వేయించండి. వజ్రపు గడుల్లా వస్తాయి. అడ్డంగా గీస్తే గీతల్లో మూత్రం నిలుస్తుంది, నిలువుగా మాత్రమే గీస్తే కాలు నిలవదు, ఏటవాలుగా ఉంటే రెండు పనులూ అవుతాయి. కాలువ అంచులు, అడుగు మాత్రం నున్నగా, మూలలు గుండ్రంగా ఉండాలి. అక్కడ పారకు ఏదీ తట్టుకోకూడదు.

రెండు వారాలు తడుపుతూ ఉండాలి. మూడు వారాల దాకా ఆవుల్ని తోలవద్దు. ఆ తర్వాత కూడా కొత్త కాంక్రీటు గరుకుకు మోకాళ్ళు గీరుకుపోతాయి, గిట్టలు అరుగుతాయి. మొదటి నెల వరిగడ్డి పరిచి, ఒకటికి రెండుసార్లు కడగండి.

కప్పు

ఒకవాలు కప్పు వేద్దాం. రెండువాలుల కప్పుకు మధ్యలో దూలం, ట్రస్సు, పైన గాలి పోవడానికి సందు, ఆ సందుకు మళ్ళీ టోపీ రేకు కావాలి. నాలుగావులకు అంత తతంగం వద్దు. పన్నెండున్నర అడుగుల వెడల్పును పదహారు అడుగుల ఒకే రేకు కప్పేస్తుంది, మధ్యలో అతుకు ఉండదు, కారదు.

ఉత్తరం వైపు కూసాలు నేల మీద ఎనిమిది అడుగులు, దక్షిణం వైపు పదకొండు అడుగులు. రేకు ఉత్తరాన రెండడుగులు, దక్షిణాన ఒక అడుగు బయటికి వస్తుంది. ఉత్తరం చూరు ఏడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది, మనిషి తల తగలదు. దక్షిణం అంచు పదకొండు అడుగుల పైన.

ఎత్తు వైపు దక్షిణానికే ఎందుకు? తిరుపతిలో ఎండ కదలిక చూస్తే తెలుస్తుంది. ఏప్రిల్ చివరి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మధ్యదాకా మధ్యాహ్నం కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే మంట ఎండల నెలల్లో దక్షిణం వైపు ఎంత తెరిచి పెట్టినా మిట్టమధ్యాహ్నం ఎండ లోపలికి రాదు. ఉత్తరం వైపు వచ్చే కొద్దిపాటి ఎండను రెండడుగుల చూరు ఆపేస్తుంది. మార్చి మొదట్లో దక్షిణం నుంచి వెనక దారి దాకా వస్తుంది, అంతే. అదే డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు కాబట్టి పదకొండు అడుగుల ఎత్తు నుంచి వచ్చే ఎండ వెనక దారి, కాలువ దాటి ఆవు నిలబడే చోటులో వెనక మూడడుగుల దాకా పడుతుంది. వానలకు నాని ఉన్న నేల ఆరాల్సింది అప్పుడే, ఆరాల్సిన భాగమూ అదే.

ఇంకొక లాభం ఉంది. కార్తీకపు వాన ఈశాన్యం నుంచి ఈదురుగా కొడుతుంది. అటువైపు చూరు కిందికి ఉంది కాబట్టి తొట్లో మేత తడవదు. కప్పు మీద పడిన నీళ్ళన్నీ ఉత్తరానికే జారతాయి, మూత్రపు కాలువ దక్షిణం పక్కన ఉంది. రెండు నీళ్ళూ ఎక్కడా కలవవు. ఇది చిన్న విషయం కాదు. మన కప్పు పదహారు అడుగులకు ఇరవై నాలుగు. ఒక్క అంగుళం వాన పడితే దాదాపు తొమ్మిది వందల లీటర్లు. అవి మడ్డి తొట్టిలోకి వెళ్తే ఐదారు రోజుల నీళ్ళు ఒక గంటలో వచ్చినట్టు, పేడనీళ్ళు చేనంతా పొంగుతాయి. ఉత్తరం చూరు కింద రెండడుగుల బండల దారి వేసి, దాని అవతల చినుకులు పడే వరుసలో అడుగు వెడల్పు కాలువ తవ్వి జల్లి నింపి, తూర్పుకు వదిలేయండి.

ఎత్తు ఇంకా పెంచితే ఇంకా చల్లగా ఉండదా అని అడుగుతారు. ఎండకు కాలిన రేకు కింది వైపు కూడా వేడిని కుమ్మరిస్తుంది, రేకు ఆవు వీపుకు ఎంత దూరమైతే ఆ సెగ అంత తగ్గుతుంది. ఆరేడు అడుగుల ఎత్తులో రేకులు వేసిన కొట్టంలో మే నెల మధ్యాహ్నం ఆవు నిలబడలేదు. కానీ పదకొండు దాటి పద్నాలుగుకు పోతే వాన జల్లు లోపలికి వస్తుంది, గాలి కిందినుంచి రేకుల్ని ఎత్తుతుంది. దక్షిణం తెరిచిన ఒకవాలు కప్పుకున్న అసలు బలహీనత ఇదే. మే నెల సాయంత్రాలు నైరుతి నుంచి వచ్చే గాలివాన ఎత్తు వైపు దూరి కప్పును పైకి తోస్తుంది. అందుకని కూసాలు రెండున్నర అడుగుల లోతు గుంతలో కాంక్రీటు పోసి నిలబెట్టాలి. దక్షిణం అంచు పైపుకు, రెండు చివర్ల రేకులకు జె-హుక్కులు మిగతా చోట్ల కంటే రెట్టింపు వేయాలి. రేకు పైన రాళ్ళు పెట్టి సరిపెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు, ఆ రాయి ఆవు మీదే పడుతుంది.

ఉత్తరం వైపుకు మన జిల్లా రాతి కూసాలు బాగా పనికొస్తాయి, తుప్పు లేదు, చెద లేదు. పదకొండు అడుగుల వైపుకు అంత పొడుగు రాయి దొరకడం, నిలబెట్టడం రెండూ కష్టం, ఇనుప పైపు వాడండి. ఎండిపోయిన పాత బోరు ఇనుప కేసింగ్ దొరికితే దాన్నే కోయించండి. మన జిల్లాలో ఎండిన బోర్లకు కరువేముంది.

రేకు పైన సున్నం కొట్టడం మరువకండి. మార్చిలో ఒకసారి చిక్కగా రెండు పూతలు వేస్తే తెల్లటి పైభాగం ఎండను చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది. దాని మీద ఎండు చెరకాకు నాలుగంగుళాల మందం పరిచి కొబ్బరితాడుతో కడితే ఇంకా మేలు, చెరకు వేసే ఊళ్ళలో అది ఊరికే దొరుకుతుంది. నిప్పు భయం ఉంటుంది, పొయ్యి దగ్గరుంటే వద్దు. వానలు మొదలయ్యేలోపు తీసేయాలి, లేకపోతే కుళ్ళి రేకును తినేస్తుంది.

గాలి

ఈ భాగంలో చెప్పేది తక్కువే, ఎందుకంటే కట్టాల్సింది తక్కువ. ఉత్తరం, దక్షిణం వైపుల గోడలు వద్దు. దక్షిణాన రెండు వరుసల పైపు కంచె చాలు. తూర్పు చివరా తెరిచే ఉంచండి. పడమట మాత్రం నాలుగడుగుల గోడ కట్టి, దాని పైన గోనె పరదా వేలాడదీయండి. మధ్యాహ్నం మూడు దాటాక పడమటెండ ఏటవాలుగా దూడల మీద పడుతుంది, అప్పుడు దించి, పొద్దు గుంకాక ఎత్తేయాలి. ఏప్రిల్, మే పొడిగాలికి పరదా తడిపితే లోపలికి వచ్చే గాలి చల్లబడుతుంది. ఆగస్టు తర్వాత ఉక్కపోత రోజుల్లో తడపకండి, లోపల తేమ పెరిగి ఆవుకు ఇంకా కష్టం. పరదా శాశ్వతం కాదు, గోడకు పదడుగుల అవతల ఇప్పుడే రెండు వేప, ఒక కానుగ నాటండి.

దొంగల భయానికి నాలుగు వైపులా తలెత్తు గోడ లేపి కిటికీలు పెట్టే వాళ్ళున్నారు. కిటికీ ఆవు తల కంటే పైన ఉంటుంది, గాలి పైపైన పోతుంది, పడుకున్న ఆవు ముక్కు దగ్గర మూత్రపు ఘాటు అలాగే ఉండిపోతుంది. భయముంటే ఇనుప జాలీ బిగించండి, గోడ వద్దు.

మీకిప్పటికే కొట్టం ఉంటే ఒకసారి తెల్లవారుజామున, పేడ ఎత్తకముందే వెళ్ళి ఆవు పక్కన గొంతుక్కూర్చోండి. నిలబడితే తెలియదు. కళ్ళు మండితే గాలి ఆడడం లేదని. మధ్యాహ్నం రెండింటికి ఆవు డొక్క కదలిక చూసి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. అరవై దాటితే ఎండదెబ్బ మొదలైనట్టే, నోరు తెరిచి చొంగ కారుస్తుంటే చాలా ఆలస్యమైనట్టు. అరవై దాటిందంటే తప్పు కప్పులో ఉందా, గాలిలో ఉందా? ఆవు వీపు ఎత్తులో ఒక అగరబత్తి పట్టుకుని చూడండి. పొగ పక్కకు సాగిపోతుంటే గాలి బాగానే ఉంది, సెగ కప్పు నుంచి వస్తోంది, సున్నం, చెరకాకు చూసుకోండి. పొగ నిట్టనిలువుగా పైకి లేస్తుంటే ముందు అడ్డాలు తీయాలి. బయట కూడా ఆకు కదలని రోజున ఈ పరీక్ష చేయవద్దు, ఏమీ తేలదు.

వచ్చే పాఠంలోపు చేయాల్సిన పని

చేనిలో నాలుగు మూలలా గూటాలు దిగ్గొట్టి, నీళ్ళ పైపుతో మట్టం చూసి, పల్లపు మూల ఏదో, మెరక మూలకు దానికి ఎన్ని అంగుళాల తేడా ఉందో రాసుకోండి. మడ్డి తొట్టి తవ్వబోయే చోట మట్టం కూడా రాసుకోండి. ఆ చోటు కొట్టం పల్లపు మూల కంటే ఆరంగుళాలు దిగువన ఉంటే మీ అదృష్టం, బేస్‌మెంట్ అడుగుకు తగ్గించుకోవచ్చు. ఎగువన ఉంటే ఎన్ని అంగుళాలు ఎగువనో అన్ని అంగుళాలు పెంచాలి, లేదా తొట్టిని వేరే వైపుకు మార్చాలి.

కాంక్రీటు ఇప్పటికే వేసేసిన వాళ్ళు మేత తొట్టి దగ్గర ఒక బకెట్టు నీళ్ళు మెల్లగా వంచి పది నిమిషాలు ఆగండి. అరచేతి కంటే పెద్ద మడుగు ఎక్కడ నిలిచిందో సుద్దతో చుట్టూ గీసి, అక్కడ పైపొర ఉలితో గరుకుగా చెక్కి, సిమెంటు పాలు పూసి, చిన్న జల్లితో కాంక్రీటు అతుకు వేయించండి. అలా చెక్కకుండా పైన పూస్తే నెలకే పెచ్చు లేస్తుంది. కాలువ పడమటి చివర కూడా ఒక బకెట్టు పోసి, కాస్త పేడ కలిపి చూడండి, ఉత్త నీళ్ళు ఎలాగైనా పారతాయి. పేడ నీళ్ళు మధ్యలో ఆగితే ఆగిన చోట కాలువ అడుగు ఉబ్బి ఉందని అర్థం.

తొట్టి గోడ ఎంత ఎత్తుండాలి, మెడతాడు ఎంత పొడవు వదలాలి, నీళ్ళ తొట్టి ఎక్కడ పెట్టాలి అన్నవి నాలుగో పాఠంలో చూద్దాం. తొట్టి లోపలి గోడను మాత్రం అప్పటిదాకా కట్టించకండి, రెండున్నర అడుగుల చోటు గీత గీసి వదిలేయండి.